వైఫై పేరు దాచితే భద్రత పెరుగుతుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

మా అక్కావాళ్లు హైదరాబాద్‌లో కొత్త ఫ్లాట్‌లోకి మారినప్పుడు, ఇంటర్నెట్ కనెక్షన్ పెట్టడానికి వచ్చిన అబ్బాయి రూటర్‌లో వైఫై పేరు దాచేసి వెళ్లాడు. "ఇంక మీ వైఫై ఎవరికీ కనపడదు మేడమ్, ఫుల్ సేఫ్" అన్నాడట. రెండు వారాలకి అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, ప్రింటర్ కనెక్ట్ కావట్లేదు, కొత్త బల్బు కనెక్ట్ కావట్లేదు, మీ బావ ల్యాప్‌టాప్‌కి పొద్దున్నే వైఫై దొరకదు. రోజూ ఇదే టెన్షన్." ఆ ఆదివారం ల్యాప్‌టాప్ పట్టుకుని వెళ్లాను. అక్క, బావ, ఎదురు ఫ్లాట్ మాస్టారు ఆ రోజు అడిగినవీ, ఆ తర్వాత వేరేవాళ్లు నన్ను అడిగినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

పేరు దాచినప్పుడు రూటర్ నిజంగా ఏం చేస్తుంది?

రూటర్ ఆన్‌లో ఉన్నంతసేపూ "నేనిక్కడ ఉన్నాను" అని చిన్న చిన్న ప్రకటనలు పంపుతూనే ఉంటుంది. వీటిని బీకన్‌లు అంటారు. మామూలు సెట్టింగ్‌లో 102.4 మిల్లీసెకన్లకి ఒకటి, అంటే సెకనుకి దాదాపు పది. రోజంతా లెక్కేస్తే ఎనిమిది లక్షలు దాటతాయి. ఒక్కో బీకన్‌లో నెట్‌వర్క్ పేరు, రూటర్ రేడియో చిరునామా, ఏ ఛానల్‌లో ఉంది, ఏ రకం ఎన్‌క్రిప్షన్ వాడుతోంది, ఎంత వేగం ఇవ్వగలదు వంటి వివరాలుంటాయి.

సెట్టింగ్స్‌లో `Hide SSID` టిక్ చేసినా, `Enable SSID Broadcast` టిక్ తీసేసినా జరిగేది ఒకటే. బీకన్‌లో పేరు ఉండాల్సిన గడిని రూటర్ ఖాళీగా వదిలేస్తుంది, లేకపోతే సున్నాలతో నింపుతుంది. బీకన్‌లు మాత్రం ఆగవు. రేడియో చిరునామా, ఛానల్, ఎన్‌క్రిప్షన్ రకం అన్నీ మునుపటిలాగే బయటికి వెళ్తుంటాయి. గేటు మీద నేమ్‌ప్లేట్ ఒక్కటి తీసేసినట్టన్నమాట. ఇల్లూ, ఇంటి నంబరూ, లోపల వెలుగుతున్న లైటూ అలాగే ఉన్నాయి.

మా ఫోన్ లిస్టులో కనపడట్లేదు కదా. బయటివాళ్లకి మాత్రం ఎలా కనపడుతుంది?

ఫోన్ చూపించే లిస్టు మన సౌకర్యం కోసం తయారైంది. పేరు లేని నెట్‌వర్క్‌ని నొక్కి ఏం చేస్తాం అని చాలా ఫోన్లు దాన్ని లిస్టులోంచి తీసేస్తాయి. విండోస్ ల్యాప్‌టాప్ అయితే దాచిన నెట్‌వర్క్ దగ్గరలో ఉంటే `Hidden Network` అని లిస్టులోనే చూపిస్తుంది. ఛానల్స్ చూపించే ఉచిత వైఫై యాప్‌లలో కూడా పేరు లేకుండా ఒక వరుస కనపడుతుంది, సిగ్నల్ బలంతో సహా.

పక్కింటి పిల్లవాడి కంటికి పడకుండా ఉండటానికి ఇది పనికొస్తుందేమో గానీ, చొరబడాలని చూసే మనిషి ఫోన్ లిస్టు చూసి ఆగిపోడు. అతని దగ్గర గాలిలో వెళ్లే ప్రతి ప్యాకెట్‌నీ చదివే ప్రోగ్రామ్ ఉంటుంది.

పాస్‌వర్డ్ పెట్టాం కాబట్టి అంతా ఎన్‌క్రిప్ట్ అవుతుంది. మరి పేరెలా బయటపడుతుంది?

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ఎన్‌క్రిప్షన్ మొదలయ్యేది ఫోనూ రూటరూ ఒకదాన్నొకటి గుర్తుపట్టి, తాళంచెవులు కుదుర్చుకున్న తర్వాత. అంతకుముందు వాటి మధ్య జరిగే పలకరింపు మొత్తం తెరిచిన కార్డు ముక్క మీద రాసినట్టే ఉంటుంది. పేరు దాచిన నెట్‌వర్క్‌కి కనెక్ట్ కావాలంటే ఫోను ముందు "ఫలానా పేరు గల నెట్‌వర్క్ ఇక్కడ ఉందా?" అని అడగాలి. రూటర్ "ఉన్నాను" అంటూ అదే పేరుతో జవాబివ్వాలి. ఆ తర్వాత ఫోను "నన్ను చేర్చుకో" అని పంపే అభ్యర్థనలో ఆ పేరు మళ్లీ ఉండాలి. ఈ మూడింటిలోనూ పేరు మామూలు అక్షరాల్లోనే వెళ్తుంది.

వైఫై ఎన్‌క్రిప్షన్ పద్ధతుల్లో పాతదైన WPA2 వాడినా, కొత్తదైన WPA3 వాడినా ఇంతే. WPA3లో కొన్ని నిర్వహణ సందేశాలకి రక్షణ తప్పనిసరి చేశారు గానీ, ఈ మొదటి పలకరింపు దాని కిందికి రాదు. తాళంచెవి ఇంకా చేతిలోకి రాని దశలో దేనితో తాళం వేస్తారు?

నెట్‌వర్క్ పేరుని రహస్యంగా ఉంచాలని ఎవరూ తయారుచేయలేదు. పక్కపక్కనే ఉన్న రూటర్లలో ఏది ఎవరిదో తెలియడానికి పెట్టిన గుర్తు అది. దాన్ని రెండో పాస్‌వర్డ్‌లా వాడుకోవాలనుకోవడమే మొదటి పొరపాటు.

ఒకసారి చూపించగలరా?

బావ కూడా ఇదే అడిగాడు. ఆయన ఎదురుగానే చూపించాను. రూటర్ వాళ్లది, ఫోన్ వాళ్లది, ఒప్పుకున్నదీ వాళ్లే. ఇలాంటి పరీక్ష మన సొంత నెట్‌వర్క్ మీదే చేయాలి, ఇంకొకరిదాని మీద చేయకూడదు.

నా లైనక్స్ ల్యాప్‌టాప్‌కి ఒక చిన్న యూఎస్‌బీ వైఫై అడాప్టర్ పెట్టాను. గాలిలో వెళ్లేవన్నీ వినే మోడ్‌కి మార్చి, వాళ్ల రూటర్ ఉన్న 6వ ఛానల్‌ని వినమన్నాను.

```
sudo airmon-ng start wlan1
sudo airodump-ng --channel 6 wlan1mon
```

చుట్టుపక్కల ఫ్లాట్ల పేర్లన్నీ వరుసగా వచ్చాయి. వాళ్ల రూటర్ వరుస మాత్రం ఇలా ఉంది. (చిరునామానీ పేరునీ మార్చి రాస్తున్నాను.)

```
BSSID              PWR  CH  ENC   ESSID
02:00:00:AA:BB:CC  -41   6  WPA2  <length:  9>
```

పేరు కనపడలేదు గానీ అందులో తొమ్మిది అక్షరాలున్నాయని మాత్రం తెలిసిపోయింది. ఈ రూటర్ గడిని సున్నాలతో నింపే రకం, ఎన్ని సున్నాలో లెక్క చూస్తే చాలు. "చూశావా, పేరు రాలేదు" అన్నాడు బావ. అక్కని ఫోన్‌లో వైఫై ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయమన్నాను. నాలుగైదు సెకన్లలో అదే వరుస ఇలా మారింది.

```
BSSID              PWR  CH  ENC   ESSID
02:00:00:AA:BB:CC  -41   6  WPA2  sitara204
```

నేను ఏ పాస్‌వర్డూ ఛేదించలేదు, రూటర్‌ని ముట్టుకోలేదు. అక్క ఫోనే పేరు చెప్పింది. పేరులో ఫ్లాట్ నంబర్ కూడా ఉంది పాపం. బయటి మనిషి అయితే అక్కని ఫోన్ ఆన్ చేయమని అడగడు, కాచుకుని కూర్చుంటాడంతే. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చిన ప్రతివాళ్ల ఫోనూ గుమ్మం దాటేలోపే రూటర్‌ని పలకరిస్తుంది. అంత ఓపిక లేనివాళ్లు నకిలీ సందేశం పంపి ఫోన్‌ని నెట్‌వర్క్‌లోంచి బయటికి నెట్టేస్తారు. అది తిరిగి చేరేటప్పుడు పేరు వినేస్తారు. WPA3లో ఈ నెట్టివేత పనిచేయదు, కాచుకుని కూర్చునే దారి మాత్రం తెరిచే ఉంటుంది.

భద్రత పెరగకపోతే పోనీ, దాచి ఉంచితే నష్టమేముంది?

ఉంది. ఇల్లు దాటి బయటికి వెళ్లినప్పుడు ఉంది.

మామూలు నెట్‌వర్క్ అయితే ఫోను తన వంతుగా ఏమీ చెప్పకుండా బీకన్‌లు విని "ఆ, ఇది మన ఇల్లు" అనుకుంటుంది. అడగాల్సి వచ్చినా, ఇప్పటి ఫోన్లు పేరు చెప్పకుండా "ఎవరైనా ఉన్నారా?" అనే అడుగుతాయి. దాచిన నెట్‌వర్క్‌కి అలా కుదరదు. రూటర్ తన పేరు చెప్పదు కాబట్టి ఫోనే ఆ పేరు పెట్టి పిలవాలి. ఇంట్లో ఉన్నానో లేదో ఫోనుకి ముందుగా తెలియదు. అందుకని బస్‌స్టాండులో, ఆసుపత్రిలో, షాపింగ్ మాల్‌లో, స్కాన్ చేసినప్పుడల్లా `sitara204` అని పిలుస్తూనే ఉంటుంది. రూటర్ నోరు మూయించి ఆ పనిని ఇంటిల్లిపాది ఫోన్లకీ అప్పజెప్పినట్టయింది.

ఇది నా ఒక్కడి అభిప్రాయం కాదు. ఆండ్రాయిడ్‌లో నెట్‌వర్క్‌ని చేతితో చేర్చేటప్పుడు `Hidden network` దగ్గర `Yes` పెడితే, ఫోను ఆ నెట్‌వర్క్‌ని వెతకడానికి తరచూ సిగ్నల్ పంపుతుందనీ, అది భద్రతకి ముప్పు కావచ్చనీ హెచ్చరిక వస్తుంది. ఆపిల్ తన రూటర్ సూచనల్లో ఈ సెట్టింగ్‌ని `Disabled`లో ఉంచమనే చెబుతుంది. దాచిన నెట్‌వర్క్‌లో ఉన్న ఐఫోన్‌లో ఆ పేరు కింద గోప్యత గురించి హెచ్చరిక కూడా కనపడుతుంది.

మనల్ని వెంబడించకుండా ఉండాలని ఇప్పటి ఫోన్లు తమ రేడియో చిరునామాని మారుస్తూ ఉంటాయి. చిరునామా ఎన్నిసార్లు మారినా `sitara204` అని పిలుస్తూ తిరిగే ఫోన్ ఊళ్లో ఎన్ని ఉంటాయి? పేరే గుర్తింపుకార్డు అయిపోతుంది. WiGLE అనే వెబ్‌సైటు 2001 నుంచీ ఉంది. ప్రపంచమంతటా వాలంటీర్లు నమోదు చేసిన వైఫై పేర్లనీ, అవి కనపడిన చోట్లనీ అందులో వెతకొచ్చు. ఎవరికీ లేని పేరు అయితే, దాన్ని పిలుస్తున్న ఫోను ఏ వీధి నుంచి వచ్చిందో అక్కడ దొరికే వీలుంది.

ఎవరైనా అదే పేరుతో నకిలీ వైఫై పెడితే?

పాస్‌వర్డ్ లేని నెట్‌వర్క్‌ని దాచి ఉంటే ప్రమాదం సూటిగా ఉంటుంది. ఫోను పేరు పిలుస్తుంది, పక్కనున్న నకిలీ రూటర్ "నేనే" అంటుంది, ఫోను వెళ్లి చేరిపోతుంది.

పాస్‌వర్డ్ ఉన్న WPA2 నెట్‌వర్క్ అయితే నకిలీవాడికి పాస్‌వర్డ్ తెలియదు కాబట్టి కనెక్షన్ పూర్తి కాదు. కానీ ఆ ప్రయత్నంలో, పాస్‌వర్డ్‌తో లెక్కకట్టి ఫోను పంపే సందేశం అతనికి దొరుకుతుంది. దాన్ని ఇంటికి పట్టుకెళ్లి, పాస్‌వర్డ్‌లు ఒక్కొక్కటే వేసి ఏది సరిపోతుందో తీరిగ్గా చూసుకోవచ్చు. ఫోన్ నంబరో, పుట్టిన తేదీయో పాస్‌వర్డ్‌గా పెట్టుకున్నవాళ్లు ఇక్కడ దొరికిపోతారు. మీ వీధికి రాకుండానే, మీరు వెళ్లిన చోటే అతనికి ఈ పని జరిగిపోతుంది. WPA3లో ఇలా తీరిగ్గా ఊహించే దారిని మూసేశారు.

ప్రింటర్, బల్బు ఎందుకు కనెక్ట్ కాలేదు?

ఒక్కోదానికి ఒక్కో కారణం.

ప్రింటర్‌ని అక్క రూటర్ మీద ఉన్న, పాస్‌వర్డ్ కొట్టకుండానే కలిపే డబ్ల్యూపీఎస్ బటన్ నొక్కి కలపాలని చూసింది. పేరు దాస్తే చాలా రూటర్లలో డబ్ల్యూపీఎస్ దానంతటదే ఆగిపోతుంది. బటన్ నొక్కినా ఏమీ జరగదు, ఎందుకో ఎక్కడా చెప్పదు. ప్రింటర్ చిన్న తెరమీద పేరు టైప్ చేసే వీలుంది గానీ, పెద్దక్షరం చిన్నక్షరం తేడా వచ్చినా, చివర ఒక స్పేస్ పడినా అది వేరే పేరే అవుతుంది. అక్క `Sitara204` అని పెద్ద ఎస్‌తో కొట్టింది. పేరు తప్పు అనే మాట ప్రింటర్ చెప్పలేదు. "కనెక్షన్ విఫలమైంది" అంది, అంతే. అక్క పాస్‌వర్డ్ తప్పేమోనని గంటసేపు దాన్నే మార్చి మార్చి కొట్టింది.

బల్బు కథ వేరు. దాని యాప్ చుట్టూ ఉన్న నెట్‌వర్క్‌ల లిస్టు చూపించి ఒకటి ఎంచుకోమంటుంది. లిస్టులో లేనిదాన్ని టైప్ చేసే గడి ఆ యాప్‌లో లేదు. కొన్ని యాప్‌లలో ఆ గడి ఉంటుంది, టైప్ చేస్తే బల్బు చేరుతుంది కూడా. కానీ కరెంటు పోయి వచ్చాక తిరిగి చేరేటప్పుడు కొన్ని పరికరాలు పేరు పెట్టి పిలవకుండా ఊరికే విని, "మన నెట్‌వర్క్ లేదు" అని ఊరుకుంటాయి. కరెంటు పోయిన ప్రతిసారీ బల్బు మొరాయిస్తోందంటే ముందు దీన్నే అనుమానించండి.

ల్యాప్‌టాప్‌కి ఒక రోజు దొరికి ఒక రోజు దొరక్కపోవడం ఏమిటి?

నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది ఇదే. బావ ల్యాప్‌టాప్ 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఉంటుంది. ఆ బ్యాండ్‌లో 52 నుంచి 144 వరకు ఉన్న ఛానల్స్‌ని రాడార్లు కూడా వాడుకుంటాయి. అందుకని అక్కడ ల్యాప్‌టాప్‌లూ ఫోన్లూ తమంతట తాముగా ముందు మాట్లాడకూడదని నియమం. ముందు వినాలి, రూటర్ బీకన్ వినపడ్డాకే నోరు తెరవాలి.

దాచిన నెట్‌వర్క్‌కి ఈ నియమం ఎలా అడ్డొస్తుందో చూడండి. రూటర్ పేరు చెప్పదు, ల్యాప్‌టాప్ ముందుగా పిలవకూడదు. కొన్ని వైఫై డ్రైవర్లు పేరులేని బీకన్ వినగానే "ఇది మనదేనేమో" అని అప్పుడు పిలుస్తాయి. కొన్ని పిలవవు. పిలిచేవాటికి కూడా ఆలస్యమవుతుంది.

బావ రూటర్‌లో ఛానల్ `Auto`లో ఉంది. అది ఒక్కోసారి 36కి, ఒక్కోసారి 60కి మారుతోంది. ఒకేసారి రెండు మార్పులు చేస్తే ఏది కారణమో తెలియదు కాబట్టి ఒక్కొక్కటే మార్చి చూశాను. పేరు దాచి ఉంచి 36లో పెట్టాను, వెంటనే కనెక్ట్ అయింది. పేరు దాచి ఉంచే 60కి మార్చాను, పది నిమిషాలు చూసినా కనెక్ట్ కాలేదు. 60లోనే ఉంచి పేరు కనపడేలా చేశాను, కనెక్ట్ అయింది. పొద్దున్నే వైఫై దొరకని రోజులన్నీ రూటర్ 60వ ఛానల్ ఎంచుకున్న రోజులన్నమాట. బావ అప్పటికే ల్యాప్‌టాప్‌ని రెండుసార్లు సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాడు. నాకు నిజంగా బాధేసింది.

ఆఫీసులో పేరు దాచే ఉంచుతారు, మార్చడం నా చేతుల్లో లేదు. ఎలా కనెక్ట్ కావాలి?

పేరుని ఎవరైనా రాసిచ్చింది చూసి టైప్ చేయకండి, కాపీ చేసి పేస్ట్ చేయండి. భద్రత రకం కూడా సరిగ్గా ఎంచుకోవాలి, ఎందుకంటే లిస్టులోంచి నొక్కినప్పుడు ఫోను దానంతటదే తెలుసుకునే విషయం ఇక్కడ మీరే చెప్పాలి. విండోస్‌లో `Connect even if this network is not broadcasting` టిక్ లేకపోతే పేరూ పాస్‌వర్డూ సరిగ్గా ఉన్నా మర్నాడు కనెక్ట్ కాదు. లైనక్స్‌లో ఇలా:

```
nmcli device wifi connect "PERU" password "PASSWORD" hidden yes
```

క్యూఆర్ కోడ్ తయారుచేసి గోడకి అంటిస్తే అందులో `H:true` ఉండాలి. చాలామంది మర్చిపోయేది అదే.

```
WIFI:T:WPA;S:PERU;P:PASSWORD;H:true;;
```

ఆ ఆఫీసు వదిలేసిన రోజున ఫోన్‌లోంచి ఆ నెట్‌వర్క్‌ని తీసేయండి. లేకపోతే ఏళ్ల తరబడి దాని పేరు పిలుస్తూనే ఉంటుంది.

మ్యాక్ ఫిల్టర్ కూడా పెడితే?

ఎంపిక చేసిన పరికరాలని మాత్రమే చేరనిచ్చే ఆ ఏర్పాటూ ఇలాంటిదే. అనుమతి ఉన్న పరికరాల రేడియో చిరునామాలు కూడా గాలిలో మామూలుగానే వెళ్తాయి. చూసి కాపీ కొట్టడం నిమిషం పని. పైగా చిరునామాలు మార్చుకునే ఇప్పటి ఫోన్లతో అది రోజూ గొడవే.

మరి పేరు ఏం పెట్టాలి? దానివల్ల తేడా ఉందా?

దాచడంలో లేని తేడా ఎంచుకోవడంలో కొంచెం ఉంది. WPA2లో మీ పాస్‌వర్డునీ నెట్‌వర్క్ పేరునీ కలిపి, 4096 సార్లు ఒక లెక్కలోంచి తిప్పి తాళంచెవి తయారుచేస్తారు. అంటే ఒకే పాస్‌వర్డ్ అయినా పేరు మారితే తాళంచెవి మారుతుంది. రూటర్‌తో వచ్చే సర్వసాధారణమైన పేర్లకి, సులువైన పాస్‌వర్డ్‌లతో కలిపి ముందే లెక్కలు వేసి పెట్టుకున్న పట్టికలున్నాయి. మీ పేరు వేరుగా ఉంటే ఆ పట్టికలు పనికిరావు.

అందుకని ఊళ్లో అందరికీ ఉండే పేరు వద్దు. ఇంటిపేరు, ఫ్లాట్ నంబర్, ఫోన్ నంబర్ కూడా వద్దు. తెలుగులో పెట్టొచ్చా అని మాస్టారు అడిగారు. పెట్టొచ్చు, కానీ పేరుకి ఉన్న హద్దు 32 బైట్లు. తెలుగులో ఒక్కో అక్షరానికీ, గుణింతం గుర్తుకీ మూడేసి బైట్లు పడతాయి కాబట్టి పది గుర్తుల్లో పేరు ముగియాలి. పాత ప్రింటర్లలో అది చెత్త అక్షరాల్లా కనపడుతుంది. మాస్టారు ఇంగ్లీషు అక్షరాల్లో తన ఊరి చెరువు పేరు పెట్టుకున్నారు.

చివరికి అక్కావాళ్లింట్లో ఏం మార్చారు?

పేరు కనపడేలా చేసి, ఫ్లాట్ నంబర్ లేని కొత్త పేరు పెట్టాం. రూటర్ పాతది, WPA3 లేదు. అందుకని `WPA2-PSK`, `AES` ఉంచాం. పాస్‌వర్డ్ కోసం ఒకదానితో ఒకటి సంబంధం లేని ఐదు మాటలు అక్కనే అనుకోమన్నాను. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ముప్పై దాటింది, హద్దు 63 కాబట్టి ఇబ్బంది లేదు. డబ్ల్యూపీఎస్‌ని ప్రింటర్ కలిసేదాకా ఉంచి తర్వాత ఆపేశాం, ఎందుకంటే దాని ఎనిమిదంకెల పిన్‌ని ఊహించి లోపలికి రావచ్చని 2011లోనే బయటపడింది. రూటర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లే పాస్‌వర్డ్ ఇంకా `admin` అనే ఉంది. నిజానికి ఆ ఇంట్లో అన్నిటికంటే పెద్ద కన్నం అదే. పేరు దాచిన అబ్బాయి దాన్ని ముట్టుకోలేదు.

బల్బుకి, వచ్చే చుట్టాలకి గెస్ట్ నెట్‌వర్క్ పెట్టాం. ఆఖరున అందరి ఫోన్లలో, ల్యాప్‌టాప్‌లో పాత `sitara204`ని `Forget` నొక్కి తీసేయించాను. ఈ పని వదిలేస్తే రూటర్‌లో ఆ పేరు లేకపోయినా ఫోన్లు దాన్ని పిలవడం మానవు.

మళ్లీ స్కాన్ పెట్టి అక్క ఫోన్‌లో వైఫై ఆఫ్ చేసి ఆన్ చేయించాను. ఈసారి ఫోను పాత పేరు పిలవలేదు. బావ ల్యాప్‌టాప్ 60వ ఛానల్‌లోనే ఉంది, ఆ తర్వాత మళ్లీ సర్వీస్ సెంటర్‌కి వెళ్లలేదు.